రొయ్యల ప్లాంట్ చలి, మాస్కు, బయట ఉక్కపోత: కళ్లజోడుకు ఆవిరి పట్టకుండా

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల ప్లాంట్‌లో క్వాలిటీ చెకింగ్ చేస్తానండి. లోపల హాల్ చల్లగా ఉంటుంది, మాస్కు తీయకూడదు. ఊపిరి వదిలినప్పుడల్లా కళ్లజోడు తెల్లగా అయిపోతోంది. షిఫ్టు అయి బయటకు వస్తే కాసేపు ఏమీ కనబడదు. "వాటర్ రిపెల్లెంట్ కోటింగ్ ఉంది, ఫాగ్ రాదు" అని షాపులో చెబితే రెండు నెలల క్రితమే కొత్తది తీసుకున్నాను. యాంటీ ఫాగ్ గుడ్డ కొనాలా, స్ప్రే కొనాలా, మళ్లీ అద్దాలే మార్చాలా?

జవాబు:

అమ్మా, ప్రస్తుతానికి ఏమీ కొనకండి. ఏలూరులో 22 ఏళ్లుగా కళ్లజోళ్లు బిగిస్తున్నాను. మీలాగే రొయ్యల ప్లాంట్లలో, ఐస్ ఫ్యాక్టరీల్లో, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లు చాలామంది ఇదే బాధతో వస్తుంటారు. వాళ్లలో ఎక్కువమందికి డబ్బు ఖర్చు పెట్టకుండానే సగానికి పైగా తగ్గింది. మిగతా సగానికి ఏం చేయాలో కూడా చెబుతాను.

మీరు ఒకే సమస్య అనుకుంటున్నారు గానీ మీకు రెండున్నాయి. హాల్లో పట్టే ఆవిరి వేరు, గేటు దగ్గర పట్టే ఆవిరి వేరు. తేడా తెలుసుకోవడం చాలా తేలిక. అద్దం తెల్లబడినప్పుడు శుభ్రమైన వేలితో బయటివైపు ఒక్క గీత గీయండి. గీత పడి అక్కడ స్పష్టంగా కనిపిస్తే ఆవిరి బయటివైపు పట్టినట్టు, అంటే అది గాలిలోని తేమ. గీసినా తెలుపు అలాగే ఉంటే ఆవిరి లోపలివైపు, అంటే కంటివైపు పట్టినట్టు. అది మీ ఊపిరి. హాల్లో చూస్తే మీకు లోపలివైపే ఉంటుంది, అది కూడా ముక్కు దగ్గర మొదలై పైకి పాకుతుంది. గేటు దాటాక చూస్తే రెండు వైపులా ఒకేసారి, అద్దం మొత్తం కమ్ముకుంటుంది. ఒకదానికి పనిచేసే ఉపాయం రెండోదానికి పనిచేయదు. గుడ్డలు, స్ప్రేలు కొన్నవాళ్లు నిరాశ పడేది చాలావరకు ఇది చూసుకోకపోవడం వల్లే.

ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసాకు బయట చెమట పట్టడం రోజూ చూస్తాం కదా, కళ్లజోడుకు జరిగేదీ అదే. గాలిలో ఎంత తేమ ఉందో దాన్నిబట్టి ఆ గాలికి ఒక ఉష్ణోగ్రత ఉంటుంది. అంతకంటే చల్లగా ఉన్న దేన్ని తాకినా ఆ తేమ నీరవుతుంది. ఆ ఉష్ణోగ్రతను డ్యూ పాయింట్ అంటారు. మన గోదావరి జిల్లాల్లో ఎండాకాలం సాయంత్రం 33 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉంటే డ్యూ పాయింట్ దాదాపు 28 డిగ్రీలు. మీ హాలు 18 డిగ్రీల్లో ఉందనుకుంటే, ఎనిమిది గంటలు అక్కడ ఉన్న మీ అద్దం కూడా ఇంచుమించు అంత చల్లగానే బయటకు వస్తుంది. అది 28 డిగ్రీలు దాటేదాకా దాని మీద నీరు పడుతూనే ఉంటుంది. మీరు ఎన్నిసార్లు తుడిచినా మళ్లీ వస్తుంది, ఎందుకంటే తుడవడం వల్ల అద్దం వేడెక్కదు. మామూలు ప్లాస్టిక్ అద్దం అంత వేడెక్కడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. మీరు చెప్పిన "కాసేపు" అదే.

ఇదే కళ్లజోడుతో ఏప్రిల్‌లో హైదరాబాద్ వెళ్లి ఏసీ గదిలోంచి 40 డిగ్రీల ఎండలోకి వచ్చినా ఏమీ పట్టదు. అక్కడ తేమ 20 శాతమే ఉంటే డ్యూ పాయింట్ 13 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, ఏసీ గదిలోని అద్దం ఎప్పుడూ అంత చల్లబడదు. అక్కడి నుంచి విశాఖకో కాకినాడకో బదిలీ అయి వచ్చినవాళ్లు "కొత్త కళ్లజోడు పాడైందండీ" అని తెచ్చి చూపిస్తారు. కళ్లజోడులో ఏ తప్పూ ఉండదు, మారింది గాలి.

ఇక హాల్లో పట్టే దాని సంగతి. మీకు ఎక్కువ ఇబ్బంది దానివల్లే కాబట్టి దీని మీదే ఎక్కువ చెబుతాను. మనం వదిలే ఊపిరి 34 డిగ్రీల వేడితో, పట్టినంత తేమతో వస్తుంది. మాస్కు లేకపోతే అది ముందుకు పోయి చెదిరిపోతుంది. మాస్కు ఉన్నప్పుడు సులువుగా దొరికిన సందులోంచి బయటపడుతుంది, చాలామంది ముఖాల్లో ఆ సందు ముక్కు పక్కన, బుగ్గ మొదలయ్యే గుంట దగ్గర ఉంటుంది. అక్కడి నుంచి నేరుగా పైకి, కంటికీ అద్దానికీ మధ్యకు వెళ్తుంది. ప్లాంట్ హాల్లో ఐసు, ఎప్పుడూ కడుగుతూ ఉండే నేల వల్ల గాలి ముందే చెమ్మగా ఉంటుంది, అద్దం చల్లగా ఉంటుంది. కాబట్టి కొంచెం ఊపిరి కలిసినా చాలు, తెల్లబడిపోతుంది. అయితే ఆ వచ్చే ఊపిరిని బాగా తగ్గించగలిగితే, మిగిలిన కాస్తా హాలు గాలిలో కలిసి పలచబడి అద్దానికి పట్టదు. అందుకే ముందు మాస్కును సరిచేయాలి, ఆ తర్వాతే అద్దం గురించి ఆలోచించాలి.

మూడు పొరల సర్జికల్ మాస్కు పైఅంచులో సన్నని తీగ ఉంటుంది. దాన్ని అందరూ ఒక చేత్తో, బొటనవేలు చూపుడువేలు మధ్య పెట్టి ముక్కు మీద నొక్కుతారు. అలా నొక్కితే తీగ మధ్యలో గుడారంలా పైకి లేస్తుంది, ముక్కుకు రెండు వైపులా రెండు సందులు మిగులుతాయి. మాస్కు పెట్టుకోకముందే తీగను మధ్యలో కొద్దిగా వంచి ముక్కు ఆకారం తెప్పించండి. పెట్టుకున్నాక రెండు చూపుడువేళ్లూ ముక్కు దూలం మీద ఆనించి, అక్కడి నుంచి ఒకేసారి రెండు బుగ్గల మీదికి జరుపుతూ తీగను చర్మానికి అద్దండి. ముక్కు పక్క గుంటల దగ్గర ఒక్క క్షణం ఆగి, అక్కడ కొంచెం గట్టిగా నొక్కండి. తర్వాత కింది అంచును గడ్డం కిందికి లాగండి. అప్పుడు పైఅంచు కిందికి జారినట్టనిపిస్తే మళ్లీ ఒకసారి నొక్కండి.

సరిగ్గా కూర్చుందో లేదో తెలియాలంటే కళ్ల కింద చర్మం మీద కాస్త నీళ్ల చెయ్యి రాసి, గట్టిగా ఊపిరి వదలండి. తడి చర్మానికి ఆ గాలి వెంటనే తెలుస్తుంది. ఏ వైపు తెలిస్తే ఆ వైపు తీగను మళ్లీ నొక్కండి. ఎన్నిసార్లు నొక్కినా నిలబడకపోతే తీగ నాసిరకమైనా అయి ఉంటుంది, లేదా మీరు నిన్నటి మాస్కునే సాపు చేసి వాడుతుండాలి. ఒకసారి వంచి సాపు చేసిన తీగ మళ్లీ పట్టు ఇవ్వదు.

ముఖం సన్నగా ఉన్న ఆడవాళ్లకు మాస్కు పక్కలు గంటలా తెరుచుకుంటాయి. చెవికి తగిలించే దారాన్ని మాస్కు అంచుకు దగ్గరగా ముడి వేసి, పక్కన మిగిలిన మడతను లోపలికి తోస్తే అది సరిపోతుంది. 2021లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్లు ఈ ముడి పద్ధతిని పరీక్షించి మాస్కు బాగా బిగుసుకుంటుందని చెప్పారు. ఒక్క జాగ్రత్త: ముక్కు దగ్గర సందు అలాగే ఉంచి పక్కలు మాత్రమే మూస్తే, ఇంతవరకు పక్కల నుంచి పోయిన ఊపిరి కూడా పైకే వస్తుంది. ఆవిరి ఇంకా పెరుగుతుంది. ముడి వేశాక ఎక్కువైందని ఎవరైనా చెబితే కారణం అదే.

ఆసుపత్రిలో పనిచేసేవాళ్లకైతే ముక్కు మీద మాస్కు పైఅంచుకు మైక్రోపోర్ టేపు ఒక ముక్క అడ్డంగా అంటించుకోమంటాను. మా ఊళ్లో పళ్ల డాక్టరు దగ్గర పనిచేసే ఒక అమ్మాయికి ఆ ఒక్క పనితో మొత్తం పోయింది. కాగితం టిష్యూను నాలుగు మడతలు పెట్టి పైఅంచు లోపల ఉంచడం కూడా పనిచేస్తుంది, అది కొంత తేమను పీల్చుకుంటుంది. కానీ మీది తినే సరుకు తయారయ్యే చోటు. టేపు ఊడినా, టిష్యూ జారినా రొయ్యల ట్రేలో పడుతుంది. మీ సూపర్‌వైజర్‌ను అడగకుండా ఈ రెండూ చేయకండి. ఊపిరి కిందికి పోవాలని మాస్కు కింద వదులుగా ఉంచుకునేవాళ్లు ఉన్నారు. ఆవిరి తగ్గే మాట నిజమే గానీ, మాస్కు పెట్టిందే ఊపిరి తుంపరలు సరుకు మీద పడకుండా ఉండటానికి కదా, అది వద్దు. ఎన్95 వాడేవాళ్లకు ఇంకో మాట. అది సరిగ్గా కూర్చుంటే అద్దానికి ఆవిరి రాదు. వస్తోందంటే ముక్కు దగ్గర లీకు ఉందని అర్థం. టీబీ వార్డులో పనిచేసేవాళ్లు దాన్ని కళ్లజోడు సమస్యగా కాకుండా మాస్కు సమస్యగానే చూడాలి.

మాస్కు బాగా బిగించాక కళ్లజోడును మాస్కు పైఅంచు మీదకు వచ్చేలా పెట్టుకోండి. ఫ్రేము బరువే ఆ అంచును నొక్కి పెడుతుంది.

ఇప్పుడు మీ కోటింగ్ గురించి. మీకు చెప్పిన మాట తప్పు. వాటర్ రిపెల్లెంట్ అంటే నీళ్లను తోసేసేది. తామరాకు మీద నీటిబొట్టు గుండ్రంగా నిలిచి జారిపోతుంది చూడండి, ఆ గుణం అద్దానికి తెస్తారు. అద్దం మీది మెరుపును తగ్గించే ఏఆర్ కోటింగ్, బ్లూ కట్ అని అమ్మే మంచి అద్దాలన్నింటికీ చివరి పొర ఇదే ఉంటుంది. వాన చినుకు, వేలిముద్ర, నూనె తొందరగా తుడుచుకుపోవడానికి అది నిజంగా ఉపయోగం. కానీ ఆవిరి అంటే కంటికి కనిపించనంత చిన్న నీటిబొట్లు. నీళ్లను తోసే అద్దం మీద అవి పక్కపక్కన గుండ్రంగా నిలబడతాయి, ఒక్కో బొట్టూ వెలుతురును ఒక్కో వైపు చెదరగొడుతుంది. మనకు తెల్లటి పొగలా కనిపించేది ఆ చెదిరిన వెలుతురే. అవి జారిపోయేంత పెద్దవి కావు. యాంటీ ఫాగ్ సరిగ్గా దీనికి ఎదురు. అది నీళ్లను పిలుస్తుంది, బొట్లుగా నిలవనివ్వకుండా పలచని పొరగా పరుస్తుంది. నీరు అప్పుడూ పడుతుంది, కానీ పొరలోంచి చూపు సాఫీగా పోతుంది. రెండు మాటలూ ఒకేలా వినిపించడం వల్ల అమ్మేవాళ్లు కూడా కలిపేస్తుంటారు. మీ అద్దం ఏ రకమో మీరే చూసుకోవచ్చు, బాగా కడిగి ఆరాక దాని మీద ఒక నీటిబొట్టు వేయండి. ముత్యంలా నిలిస్తే నీళ్లను తోసే రకం, పరుచుకుంటే కాదు.

గిన్నెలు తోమే లిక్విడ్ పనిచేసేది కూడా ఈ పరిచే గుణంతోనే. 2011లో ఇంగ్లండ్ సర్జన్ల పత్రికలో ఇద్దరు డాక్టర్లు రాశారు: ఆపరేషన్‌కు మాస్కు పెట్టుకునే ముందు కళ్లజోడును సబ్బు నీళ్లలో కడిగి, నీళ్లు విదిలించి, గాలికి ఆరబెట్టుకుంటే ఆవిరి పట్టదని. నేను దాన్ని మన నీళ్లకూ, మన నూనె జుట్లకూ తగినట్టు కొద్దిగా మార్చి చెబుతుంటాను. దీన్ని రెండు విడతలుగా చేయాలి.

మొదటి విడత శుభ్రం చేయడానికి. కొబ్బరినూనె, ముఖం జిడ్డు, క్రీము అద్దం మీద ఉంటే సబ్బు పొర అక్కడ అంటదు, ఆ మచ్చల దగ్గరే ఆవిరి పడుతుంది. గోరువెచ్చగా కూడా అక్కర్లేదు, మామూలు కుళాయి కింద ముందు దుమ్ము పోయేలా తడపండి. ఒక చుక్క లిక్విడ్ అరచేతిలో వేసుకుని, వేళ్ల కొనలతో రెండు వైపులా, ముఖ్యంగా ఫ్రేము అంచు వెంబడి, ముక్కు ప్యాడ్‌ల చుట్టూ రుద్దండి. బాగా కడిగేయండి. గిన్నెల సబ్బు బిళ్ల, పొడి వద్దు, వాటిలో గరుకు పదార్థం ఉంటుంది, అద్దం గీతలు పడుతుంది. చేతులు కడుక్కునే లిక్విడ్లలో మాయిశ్చరైజర్ కలిపినవి కూడా వద్దు, జిడ్డు మరకలు మిగులుస్తాయి.

రెండో విడత పొర వేయడానికి. ఒక గ్లాసు ఫిల్టర్ నీళ్లలో చిన్న చుక్క లిక్విడ్ వేసి కలపండి. కళ్లజోడును అందులో ముంచి, కొన్ని సెకన్లు అటూ ఇటూ తిప్పి తీయండి. నీళ్లు విదిలించండి. కడగకండి, తుడవకండి. అద్దాలు పైకి ఉండేలా శుభ్రమైన గుడ్డ మీద పెట్టి ఆరనివ్వండి. ఆరాక చూస్తే సన్నటి చారలు కనిపిస్తాయి. పొడి మైక్రోఫైబర్ గుడ్డతో ఈక ఆడించినట్టు తేలిగ్గా రెండుసార్లు తుడిస్తే చారలు పోతాయి, పొర మిగులుతుంది. గట్టిగా తుడిస్తే పొర కూడా పోతుంది. తర్వాత అద్దాన్ని నోటి దగ్గర పెట్టి "హా" అని ఊదండి. తెల్లగా మసకబారితే పొర అంటలేదు, మళ్లీ చేయాలి. తెల్లబడకుండా తడి మెరుపు మాత్రమే కనిపిస్తే సరిగ్గా పడినట్టే.

ఫిల్టర్ నీళ్లే ఎందుకంటే, మన బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. ఆ నీళ్లు అద్దం మీదే ఆరితే తెల్ల మచ్చలు కడతాయి. వాటిని పోగొట్టాలని రుద్దడంతో అద్దం గీతలు పడుతుంది. చాలా కళ్లజోళ్లు దుమ్ము కంటే ఈ మచ్చల మీది రుద్దుడుతోనే పాడవడం చూశాను.

ఇది ఎంతసేపు నిలుస్తుంది అంటే, నీళ్లను తోసే పొర లేని అద్దం మీద కొన్ని గంటలు, ఒక్కోసారి సగం షిఫ్టు. మీ కొత్త అద్దం మీద అంత నిలవదు. ఆ పొర సబ్బును కూడా తోసేస్తుంది, గంటలోనే చారలు చారలుగా విడిపోవచ్చు. మీ పాత కళ్లజోడు పవర్ ఇప్పటికీ సరిపోతుంటే, ఆ పై పొర అరిగిపోయి ఉంటే, హాల్లోకి అదే పెట్టుకుని చూడండి. అదే మీకు బాగా పనిచేయవచ్చు. కొత్తది ఇంటికీ బయటకూ ఉంచుకోండి. టీ విరామంలో పొర మళ్లీ వేసుకోవాలంటే చేతులు కడిగే చోటే చేయండి, హాల్లో కాదు.

గేటు దగ్గర పట్టే ఆవిరికి మాస్కుతో సంబంధం లేదు. అక్కడ అద్దాన్ని తొందరగా వేడెక్కించడమే మందు. గాలి అద్దాన్ని మెల్లగా వేడి చేస్తుంది, నీళ్లు చాలా వేగంగా చేస్తాయి. బయటకు వచ్చేటప్పుడు చేతులు కడుక్కుంటారు కదా, అప్పుడే కళ్లజోడు తీసి ట్యాంకు నీళ్ల కుళాయి కింద పది పదిహేను సెకన్లు పట్టుకోండి. ఎండాకాలం మన ట్యాంకు నీళ్లు 30 డిగ్రీల పైనే ఉంటాయి. అద్దం డ్యూ పాయింట్ దాటేస్తుంది. విదిలించి, మెత్తటి గుడ్డతో అద్ది పెట్టుకుంటే గేటు దాటినా తెల్లబడదు. మధ్యాహ్నం నీళ్లు చేతికి చురుక్కుమనేంత వేడిగా వస్తే మాత్రం వద్దు, కోటింగ్ పాడవుతుంది. చలికాలంలో ట్యాంకు నీళ్లే చల్లగా ఉంటాయి గానీ అప్పుడు బయట డ్యూ పాయింట్ కూడా తక్కువే, సమస్య దానంతటదే తగ్గుతుంది. కుళాయి కుదరకపోతే బట్టలు మార్చుకునే గదిలో కళ్లజోడు తీసి మూడు నిమిషాలు చేతిలో ఉంచుకోండి. తెల్లబడిన అద్దంతో స్కూటీ మాత్రం తీయవద్దు.

అమెరికాలో చలి ప్రాంతాల్లో ఉన్న మనవాళ్లు కూడా ఇదే అడుగుతుంటారు. బయట మంచులోంచి ఇంట్లోకి రాగానే, పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే ఇంకా ఎక్కువగా, అద్దాలు కమ్ముకుంటాయని. దిక్కు మారింది అంతే, చల్లటి అద్దం తేమ గాలిలోకి వచ్చింది. వాళ్లకూ వేడెక్కేదాకా ఆగడమో, బయట ఉన్నప్పుడు కళ్లజోడును కోటు లోపలి జేబులో పెట్టుకోవడమో తప్ప వేరే మార్గం లేదు.

మీరు ఎప్పుడైనా మైనస్ 18 డిగ్రీల కోల్డ్ స్టోరేజీలోకి వెళ్లి వస్తుంటే అది వేరే సంగతి. అక్కడ ఊపిరి అద్దం మీద నీరు కాకుండా ఏకంగా మంచు గడుతుంది. సబ్బు పొర అక్కడ పనిచేయదు. బయటకు వచ్చాక కూడా కాసేపు మంచు ఉంటుంది. గోటితో గీకకండి, గుడ్డతో రుద్దకండి, కరిగేదాకా ఆగి అప్పుడు అద్దండి. అంత చల్లటి అద్దాన్ని వెంటనే వేడి గాలి ముందు గానీ నీళ్ల కింద గానీ పెట్టకండి.

దానికి కారణం ఇది. అద్దం ప్లాస్టిక్, దాని మీది ఏఆర్ పొరలు గాజులాంటి గట్టి పదార్థాలు. వేడికి ప్లాస్టిక్ ఎక్కువ సాగుతుంది, పై పొరలు అంత సాగలేవు, పగులుతాయి. ఒకాయన ఆవిరి పోతుందని రోజూ వేణ్నీళ్లతో కడిగేవారు. ఆర్నెల్లకు తెచ్చి చూపిస్తే, దీపం వెలుగులో అద్దం నిండా ఎండిన చెరువు బీటల్లా సన్నటి గీతలు. దానికి మరమ్మతు లేదు, అద్దాలు మార్చడమే. ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసినా ఇదే జరుగుతుంది. టూత్‌పేస్టు రాయమని కొందరు చెబుతారు, అందులో అరగదీసే పొడి ఉంటుంది, కోటింగ్‌ను కచ్చితంగా గీకేస్తుంది.

ఇక మీరు అడిగిన గుడ్డ, స్ప్రే. యాంటీ ఫాగ్ గుడ్డ అంటే మైక్రోఫైబర్‌లో పరిచే మందు పట్టించినది. శుభ్రమైన అద్దం మీద ఊది, దానితో నాలుగైదుసార్లు తుడిస్తే ఆ మందు అద్దానికి అంటుతుంది. సబ్బు కంటే చారలు తక్కువ, నీళ్లను తోసే అద్దం మీద కూడా సబ్బు కంటే కొంచెం మెరుగ్గా పట్టుకుంటుంది. కానీ దాన్ని ఉతకకూడదు, ఉతికితే మందు పోతుంది. జిప్పు కవర్లో మూసి ఉంచాలి. జిడ్డు తుడవడానికి వాడకూడదు, ఒకసారి జిడ్డు పట్టాక అది అద్దానికి జిడ్డునే పూస్తుంది. దీనికి భిన్నంగా మామూలు మైక్రోఫైబర్ గుడ్డను వారానికి ఒకసారైనా సబ్బుతో ఉతకాలి, కంఫర్ట్‌లాంటి మెత్తబరిచే ద్రవాలు వేయకుండా. రెండు గుడ్డలూ కలిసిపోకుండా వేరు వేరు రంగులవి పెట్టుకోండి.

కొనేముందు ఇంకొక విషయం తెలిసి ఉండాలి. 2022లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు మార్కెట్లో దొరికే తొమ్మిది యాంటీ ఫాగ్ స్ప్రేలు, గుడ్డలు పరీక్షించి, వాటిలో పీఫాస్ అనే రకం ఫ్లోరిన్ రసాయనాలు ఉన్నాయని బయటపెట్టారు. అవి ప్రకృతిలో తొందరగా విరిగిపోవు. లేబుల్ మీద ఆ పేరు కనిపించదు. కళ్లజోడు మీద ఒక్క చుక్కతో ఏదో అయిపోతుందని నేను భయపెట్టడం లేదు. కానీ రోజంతా తినే సరుకును చేత్తో ముట్టుకునే మీరు, రోజుకు నాలుగుసార్లు స్ప్రే కొట్టుకునే అలవాటు చేసుకోవడం నాకు ఇష్టం లేదు. గుడ్డ వాడితే వాడాక చేతులు కడుక్కుని గ్లవుజులు వేసుకోండి. సబ్బుతో గడిచినన్ని రోజులు సబ్బుతోనే గడపమంటాను.

మాస్కు సరిచేసి, సబ్బు పొర వేసి పది రోజులు చూశాక కూడా పనికి అడ్డం వస్తుంటే, అప్పుడు యాంటీ ఫాగ్ అద్దాల మాట. హాలు కోసం మాత్రమే, తక్కువ ధర ఫ్రేములో చేయించుకోండి. అడిగేటప్పుడు "ఇది అద్దంలోనే ఉన్న గుణమా, గుడ్డతో ఎప్పటికప్పుడు మందు పెట్టాలా" అని అడగండి. రెండు రకాలూ ఉన్నాయి. రెండోది గుడ్డ ఉన్నంతకాలమే పనిచేస్తుంది, ఆ గుడ్డ విడిగా దొరుకుతుందో లేదో కూడా కనుక్కోండి. మొదటి రకంలో నీటిని పీల్చుకునే మెత్తటి పొర ఉంటుంది. తడిగా ఉన్నప్పుడు దాన్ని తుడిస్తే గీతలు పడుతుంది, ఆరనివ్వాలి. దానికీ పరిమితి ఉంది. ఆగకుండా ఊపిరి కొడుతూ ఉంటే పీల్చుకోగలిగినంత పీల్చుకుని, ఆపైన నీరు కారడం మొదలవుతుంది. అందుకే లీకయ్యే మాస్కు వెనక ఎంత ఖరీదైన అద్దమైనా ఓడిపోతుంది. షాపులోనే వేడి టీ గ్లాసు మీద ఒక్క నిమిషం పట్టుకుని చూపించమనండి. చూపించని చోట తీసుకోకండి.

చివరగా ఫ్రేము. కళ్లకు మరీ దగ్గరగా, బుగ్గలకు ఆనుకుని కూర్చునే ఫ్రేములో గాలి ఆడదు, వచ్చిన ఆవిరి అక్కడే నిలుస్తుంది. ముక్కు ప్యాడ్‌లు సన్న తీగల మీద ఉండే మెటల్ ఫ్రేమైతే వాటిని కొంచెం వంచి అద్దాన్ని రెండు మిల్లీమీటర్లు ముందుకు జరపవచ్చు, ఐదు నిమిషాల పని. మొత్తం ప్లాస్టిక్ ఫ్రేముకు ఆ వీలు లేదు. పవర్ ఎనిమిది దాటినవాళ్లకు ఆ కాస్త దూరం కూడా చూపులో తేడా తెస్తుంది, బైఫోకల్, ప్రోగ్రెసివ్ వాళ్లకు చదివే భాగం స్థానం మారుతుంది, వాళ్లు పెట్టుకుని చూసుకున్నాకే ఖాయం చేసుకోవాలి. షాపుకు వెళ్లేటప్పుడు మీరు ప్లాంట్‌లో వాడే మాస్కు ఒకటి తీసుకెళ్లండి. దాన్ని నేను చెప్పినట్టు బిగించుకుని, పైన కళ్లజోడు పెట్టుకున్నాకే ప్యాడ్‌లు వంచమనండి. మాస్కు లేకుండా సరిచేసిన ఫ్రేము మాస్కు మీద వేరేగా కూర్చుంటుంది.